మొదటి సంక్రాంతికి అత్తారింట్లో వరస తప్పాను

నిన్న రాత్రే అత్తారింటి నుంచి తిరిగి వచ్చాం. ఇంకా బట్టలు కూడా సర్దుకోలేదు. మర్చిపోకముందే రాయాలనిపించింది, ఎందుకంటే ఈ విషయం నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

మాది ఒంగోలు వైపు, ఉద్యోగం హైదరాబాద్‌లో. అత్తగారి ఊరు అమలాపురం దగ్గర. పెళ్ళయ్యాక ఇదే మొదటి సంక్రాంతి. భోగి ముందు రోజు మా బావమరిది బస్టాండుకి వచ్చి తీసుకెళ్ళాడు. గుమ్మంలో ఎర్రనీళ్ళు దిష్టి తీసి హారతిచ్చారు. భోగి రోజు తలంటు, కొత్త బట్టలు. ఇదంతా సాఫీగానే జరిగింది. మామగారికి, అత్తగారికి కాళ్ళకి దండం పెట్టబోతే మాత్రం అత్తగారు వెనక్కి జరిగారు. "మీ కాళ్ళు కడిగి పిల్లనిచ్చాం బాబూ, మీరు మా కాళ్ళు ముట్టుకోకూడదు" అన్నారు. ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది కాబట్టి ఇది ముందే మీ ఆవిణ్ణి అడిగి వెళ్ళండి.

అసలు గొడవ పండగ రోజు మధ్యాహ్నం వచ్చింది.

మా అత్తగారి తమ్ముడు, ఆయన భార్య, కూతురు తణుకు నుంచి వచ్చారు. మా ఆవిడ "మామయ్యా!" అంటూ పరిగెత్తుకెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళి, చేతులు జోడించి "నమస్కారం మామయ్య గారూ" అన్నాను. ఆయన "ఊ" అని చెప్పులు విప్పుతూ అటు తిరిగారు. ప్రయాణం అలసట అనుకున్నాను. మా ఆవిడ ఆ అమ్మాయిని చూపించి "ఇది నా మరదలు, డిగ్రీ చదువుతోంది" అంది. భార్యకి మరదలంటే నాకూ మరదలే అని నా లెక్క.

భోజనాలకి అరిటాకులు వేశారు. ఆ అమ్మాయి మంచినీళ్ళు పోస్తోంది. కలుపుగోలుగా ఉండాలని "ఏం మరదలా, బావకి నీళ్ళు పొయ్యవా?" అన్నాను. ఆ పిల్ల చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. తర్వాత చెంబు నా ఆకు పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంక్తిలో మాటలు ఆగిపోయాయి. అప్పుడు ఆమె తండ్రి అందరి ముందూ అన్నారు: "ఏమయ్యా, నేను నీకు మామనెలా అవుతాను? మా మేనకోడలి మొగుడివంటే నాకు కొడుకు వరస. నా కూతురు నీకు చెల్లెలు. చెల్లెలితో మాట్లాడే తీరా అది?"

నాకు ముద్ద దిగలేదు. నా ఎదురుగా కూర్చున్న దూరపు బంధువు ఒకాయన "హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి వరసలేం తెలుస్తాయండీ, అంకుల్ ఆంటీ తప్ప" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను. తెలియనివాడికి తప్పు జరగకముందు చెప్పడం పెద్దరికం, జరిగాక నలుగురిలో నవ్వడం కాదు. మా బావమరిది మాత్రం ఏమీ జరగనట్టు నా ఆకులో పప్పు వేయించి మాట మార్చాడు. అతని మంచితనం ఎప్పటికీ గుర్తుంటుంది.

సాయంత్రం అరుగు మీద ఒంటరిగా కూర్చుంటే మామగారి తల్లి వచ్చి పక్కన కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. "బాధపడకు నాయనా, ఒక్క మాట గుర్తు పెట్టుకో. మీ మామని మీ అమ్మకి తమ్ముడనుకో. మీ అత్తని మీ నాన్నకి చెల్లెలనుకో. ఇంక అక్కణ్ణించి లెక్క వేసుకో" అంది. మేనరికాలు చేసుకునే రోజుల్లో మామ నిజంగానే అమ్మకి తమ్ముడో, లేదా అత్త నిజంగానే నాన్నకి చెల్లెలో అయ్యేవాళ్ళు. మేనరికం లేని పెళ్ళిలో కూడా పిలుపులు అదే లెక్కలో నడుస్తాయి.

ఆమె ముందే ఒక్కొక్కరినీ లెక్క వేసి చూశాను. అత్తగారు నాన్నకి చెల్లెలైతే, ఆమె తమ్ముడు నాన్నకీ తమ్ముడే. అంటే నాకు బాబాయి. ఆయన భార్య పిన్ని, ఆయన పిల్లలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. అలాగే మామగారి చెల్లెలు అమ్మకి చెల్లెలు కాబట్టి, మా ఆవిడకి మేనత్త అయినా నాకు పిన్నే. మామగారి అన్నదమ్ములు, అత్తగారి అక్కచెల్లెళ్ళు మాత్రం మా ఆవిడకి పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని అయితే నాకు మామలు, అత్తలు. వాళ్ళ కూతుళ్ళే నాకు వదినా మరదళ్ళు, కొడుకులు బావా బావమరుదులు.

అంటే మా ఆవిడ "మామయ్య, అత్తయ్య" అన్న చోట నేను "బాబాయ్, పిన్ని" అనాలి. ఆమె "బాబాయ్, పిన్ని" అన్న చోట నేను "మామయ్య, అత్తయ్య" అనాలి. ఆమె పిలిచినట్టే పిలిస్తే ప్రతిసారీ తప్పే.

"మరి మీరు నాకు ఏమవుతారు?" అని అడిగాను. "నువ్వే చెప్పు" అంది. మామ అమ్మకి తమ్ముడైతే ఆయన తల్లి నాకు అమ్మమ్మ. రెండు రోజులుగా మా ఆవిణ్ణి చూసి "నాయనమ్మ గారూ" అంటున్నాను. ఆమె ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. నాయనమ్మ, అమ్మమ్మ దగ్గర భార్య పిలిచినట్టే పిలిచినా ఎవరూ పట్టించుకోరట. పట్టింపంతా మామ, బాబాయి దగ్గరా, మరదలు, చెల్లెలి దగ్గరా. మరదలైతే సరసమాడొచ్చు, చెల్లెలితో ఆ మాట ఆడకూడదు కాబట్టి.

ఇంకో మాట కూడా చెప్పింది. రెండు కుటుంబాలకీ పెళ్ళికి ముందే చుట్టరికం ఉంటే చాలా ఇళ్ళలో పాత పిలుపే కొనసాగిస్తారు. అలాంటి చోట లెక్క కట్టి కొత్తగా పిలిస్తే వాళ్ళు నొచ్చుకుంటారు. అందుకని వెళ్ళే ముందు మీ ఆవిడతో కూర్చుని రాబోయేవాళ్ళ పేర్లు రాసుకోండి. పేరు పక్కన ఆమె ఏమని పిలుస్తుందో కాదు, అత్త వైపా మామ వైపా, తోబుట్టువా వాళ్ళ పిల్లలా అని రాసుకోండి. నేను ఆ రాత్రి ఇరవై రెండు పేర్లు రాశాను. కనుమ నాడు ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒక్కరి దగ్గర కూడా తడబడలేదు. తోడల్లుడి వరసైన ఒకాయన్ని "అన్నయ్య గారూ" అంటే, మామగారు తలెత్తి నన్ను చూసి మళ్ళీ పేపర్లో పడ్డారు. ఆ చూపు నాకు చాలు.

కానీ అంతకు ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. కనుమ పొద్దున్నే తణుకు ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటుంటే వెళ్ళి, "బాబాయ్ గారూ, నిన్న తెలియక అలా పిలిచాను, తప్పుగా అనుకోకండి" అన్నాను. ఆయన నోరు పుక్కిలించి, తువ్వాలుతో తుడుచుకుని, "నేనూ పంక్తిలో అలా అనకుండా ఉండాల్సింది. కూర్చో, కాఫీ తాగుదాం" అన్నారు.

కాఫీ తెచ్చింది ఆ అమ్మాయే. "చెల్లెమ్మా, నిన్నటి మాట మనసులో పెట్టుకోకు" అన్నాను. గ్లాసు నా చేతికిచ్చి "చక్కెర సరిపోయిందా అన్నయ్యా?" అని అడిగింది.