పద్నాలుగో వారం: నీటి శక్మం కార్డుకు జలగ ముద్ర

ఈ వారానికి పెట్టెలో ఉన్న 212 కార్డులలో 211 దారికి వచ్చాయి. మిగిలిన ఒక్క కార్డు రెండు వారాల కిందట ఎనిమిదోసారి కూడా తప్పడంతో, ప్రశ్న కార్డులను మళ్లీ మళ్లీ చూపి గుర్తుపెట్టించే అంకీ యాప్ దానికి జలగ ముద్ర వేసి పక్కన పెట్టింది. మూడు నెలలకు పైగా కేంబ్రిడ్జ్ ఎ లెవెల్ జీవశాస్త్రం పాత ప్రశ్నపత్రాల జవాబు సూచికల నుంచీ, పాఠ్యపుస్తకం చివరి పదకోశం నుంచీ కార్డులు తయారు చేసుకుంటున్నాను. పరీక్ష రాయబోను, సరదాకే చదువుతున్నాను. అయినా ఈ ఒక్క కార్డు నా నిద్ర చెడగొట్టింది.

నీటి శక్మం అంటే నీటికి కదిలిపోయే ధోరణి ఎంతో చెప్పే కొలత; అందులో కరిగిన పదార్థం వల్ల వచ్చే భాగం ద్రావిత శక్మం, పీడనం వల్ల వచ్చే భాగం పీడన శక్మం. ఆ కార్డు ముందువైపు ఇలా ఉంది. పక్కపక్కనే రెండు వృక్ష కణాలున్నాయి. 'అ' కణంలో ద్రావిత శక్మం −900, పీడన శక్మం +600 కిలోపాస్కళ్లు. 'ఆ' కణంలో ద్రావిత శక్మం −700, పీడన శక్మం +200. నీరు ఎటు కదులుతుంది? రెండింటినీ కూడితే 'అ' కణం నీటి శక్మం −300, 'ఆ' కణానిది −500. కాబట్టి నీరు 'అ' నుంచి 'ఆ' వైపు కదలాలి. ద్రావిత శక్మం మాత్రమే చూసినవాడు దిశను తిరగేసి చెబుతాడు, ఎందుకంటే ఎక్కువ గాఢత 'అ' కణంలోనే ఉంది. ప్రశ్న తయారు చేసింది నేనే, ఉచ్చు ఎక్కడుందో తెలిసినవాణ్ణీ నేనే, ఎనిమిదిసార్లు అందులో పడిందీ నేనే.

మొదట నేను అనుమానించినది రుణ గుర్తును. −500 లో అంకె పెద్దది, విలువ చిన్నది కాబట్టి అక్కడే తడబడుతున్నానని భావించి, కార్డు వెనుకవైపు నిలువు గీత గీశాను. పైన సున్నా వద్ద శుద్ధ జలం, దాని కింద −300, ఇంకా కింద −500, నీరు పల్లానికి పారినట్లు కిందికి. బొమ్మ చక్కగా కుదిరింది, కానీ తరువాతి రెండుసార్లూ కార్డు తప్పింది. నిజానికి బొమ్మ కనిపించేది జవాబు చెప్పిన తరువాతే కనుక, అది ఆలోచనకు సాయపడే అవకాశమే లేదు.

రెండో అనుమానం నా మీటల అలవాటు మీద. అయిదు అంశాల జవాబులో మూడు గుర్తుకొస్తే పాపం అనుకుని 'హార్డ్' నొక్కేవాణ్ణి. కార్డును మళ్లీ ఎప్పుడు చూపాలో అంకీ లెక్కగట్టే ఇప్పటి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతిలో 'హార్డ్' అంటే గుర్తుకొచ్చిందనే లెక్క. మరచిపోయినప్పుడు 'అగెయిన్' నొక్కాలి. నేను దయ చూపిన ప్రతిసారీ కార్డు దూరంగా వెళ్లి, వచ్చేసరికి మరింత చెరిగిపోయి ఉండేది. ఆ అలవాటు మానుకున్నాక మిగిలిన పొడవాటి కార్డులన్నీ బాగుపడ్డాయి. ఇది మాత్రం బాగుపడలేదు.

అప్పుడు కార్డు చరిత్రను తెరిచి ఎనిమిది తప్పుల తేదీలనూ కాగితం మీద రాసుకున్నాను. తరువాత అదే అధ్యాయానికి చెందిన ఇతర కార్డుల తేదీలను కింది వెతుకుమాటతో బయటికి తీసి పక్కన పేర్చాను.

```
tag:osmosis prop:lapses>=2
```

ఎనిమిది తప్పులలో ఆరు, పదకోశం నుంచి తీసుకున్న మరొక కార్డు కనిపించిన రోజునో దాని మర్నాడో జరిగాయి. ఆ రెండో కార్డు ఎప్పుడో బడిలో చదువుకున్న నిర్వచనాన్నే అడుగుతుంది: ద్రవాభిసరణలో నీరు తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణం వైపు కదులుతుంది. జవాబు సూచికలు కోరేది మాత్రం నీరు ఎక్కువ నీటి శక్మం నుంచి తక్కువ నీటి శక్మం వైపు కదులుతుందనే మాటను. పీడనం తేడా లేనంత వరకు రెండూ ఒకే సంగతిని చెబుతాయి, కానీ ఒకదానిలో 'తక్కువ నుంచి ఎక్కువకు', మరొకదానిలో 'ఎక్కువ నుంచి తక్కువకు'. నా మనసులో నిలిచింది విషయం కాదు, ఆ రెండు మాటల వరుస. ఏ కార్డును చివరిగా చూస్తే ఆ వరుసే నోటికి వచ్చేది. పైగా నా లెక్కలో పీడనం తేడా ఉంది కాబట్టి బడి నిర్వచనం అక్కడ అసలు చెల్లదు. ఒకే నోట్ నుంచి పుట్టిన కార్డులైతే ఒకే రోజు రాకుండా ఆపే సదుపాయం అంకీలో ఉంది, కానీ ఇవి వేర్వేరు నోట్లు కావడం వల్ల అది ఇక్కడ పనికిరాదు.

పదకోశాన్ని వరుసగా కార్డులుగా మార్చేయడం మీద నాకున్న అభిప్రాయం దీనితో ఇంకా గట్టిపడింది. పదకోశం ఒక్కొక్క పదాన్ని విడిగా వివరిస్తుంది, పక్క పదంతో దానికి వచ్చే తగాదాను చూపదు. ఒట్టి పదాలకు అట్టముక్కల మీద రాసుకునే లైట్నర్ పెట్టె కూడా చాలు. పాత ప్రశ్నల జవాబులకు మాత్రం సూచికను చదవడం రావాలి: అర్ధవిరామం ఒక మార్కు అంశాన్ని మరొకదాని నుంచి వేరు చేస్తుంది, గీతగీసిన మాట జవాబులో తప్పక ఉండాలి, 'ఆర్' అని ఉంటే ఆ మాట రాసినవాడికి మార్కు దక్కదు. ఇతరులు పంచిపెట్టే సిద్ధం చేసిన కట్టలలో ఈ తేడాలు ఎక్కువగా మాయమైపోతాయి, అందుకే వాటిని నేను దింపుకోను.

బడి నిర్వచనం కార్డును తొలగించాను. దాని బదులు, "గాఢత ఎక్కువైన కణంలోకి నీరు చేరకపోయే సందర్భం ఏది?" అని అడిగే కార్డు పెట్టాను, ఆ కణంలో పీడన శక్మం ఎంత ఎక్కువుందో అది ద్రావిత శక్మాల తేడాను మించినప్పుడు అన్నది జవాబు. జలగ కార్డును మూడుగా విడదీశాను. మొదటిది రెండు శక్మాలను కూడమంటుంది, రెండోది వచ్చిన రెండు విలువలలో ఏది పైన ఉందో అడుగుతుంది, మూడోది దిశను కారణంతో సహా రాయమంటుంది. అంకెలను కూడా మార్చి నాలుగు జతలు చేశాను, ఎందుకంటే పాత కార్డులో 'అ నుంచి ఆ' అన్న జవాబు లెక్క చేయకుండానే కంఠస్థమయ్యే ప్రమాదం ఉంది.

పన్నెండు రోజులలో మూడో రకం కార్డులు నాలుగుసార్లు వచ్చాయి. జవాబుకు పట్టే సమయం సగటున 31 సెకన్ల నుంచి 14 సెకన్లకు తగ్గింది. తప్పింది ఒక్కటే, అదీ −700 కు 200 కలిపి −900 అని రాసిన నా చేతి తొందరపాటు వల్ల. ఇంతవరకు చూడని ఒక ప్రశ్నపత్రంలో నాలుగు మార్కుల ప్రశ్న రాసి సూచికతో పోల్చుకుంటే మూడు మార్కులు వచ్చాయి. పాక్షిక పారగమ్య త్వచం పేరు ఎత్తకపోవడం వల్ల నాలుగోది పోయింది. దాన్ని ఇంకో కార్డుగా రాశాను. అయితే పన్నెండు రోజులు చిన్న వ్యవధి. నెల దాటిన విరామం తరువాత ఈ కార్డులు నిలుస్తాయో లేదో చూడాలి.

వచ్చే వారం బంగాళదుంప ముక్కల ప్రయోగం మొదలుపెడతాను. వేర్వేరు గాఢతల సుక్రోజ్ ద్రావణాలలో ముక్కలను ఉంచి, ద్రవ్యరాశిలో వచ్చిన శాతం మార్పుతో రేఖాచిత్రం గీస్తే, గీత సున్నాను దాటే చోటి గాఢత నుంచి దుంప నీటి శక్మం తెలుస్తుంది. అసలు ద్రవ్యరాశి మార్పును కాకుండా శాతాన్నే ఎందుకు వాడాలన్నది నేను రాయబోయే మొదటి కార్డు, ఎందుకంటే ముక్కల తొలి బరువులు సమానంగా ఉండవు. ఈసారి పదకోశాన్ని చివర తెరుస్తాను.