హార్మోన్ బయటే ఉండిపోతుంది

ఇవాళ క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "సార్, అడ్రినలిన్ హార్మోన్ కణం లోపలికే వెళ్లదన్నారు కదా, మరి లోపల చక్కెర నిల్వగా ఉన్న గ్లైకోజన్ ఎలా విడిపోతుంది?" బోర్డు మీద బొమ్మ గీసి ఊరుకోవచ్చు. కానీ 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సదర్లాండ్, రాల్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చెప్పాలనిపించింది. నాకది ఎప్పుడూ ముచ్చటే.

వాళ్లు కాలేయాన్ని మెత్తగా నూరి హార్మోన్ కలిపితే, గ్లైకోజన్‌ను విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము చురుకైంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణపొర ముక్కల్ని తీసేశాక మాత్రం హార్మోన్ పోసినా చలనం లేదు. ఎంజైమేమో ఆ ద్రవంలోనే ఉంది! అప్పుడు పొర ముక్కలకు విడిగా, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుల్నీ హార్మోన్‌నీ కలిపి కాసేపు ఉంచి, తర్వాత బాగా వేడి చేశారు. ప్రొటీన్లు పాడైపోయాయి. అయినా పైన తేరిన నీటిని ఆ ద్రవంలో పోయగానే ఎంజైము మళ్లీ చురుకైంది. ఆ నీటిలో ఉన్న, వేడికి చెడని చిన్న అణువే సైక్లిక్ ఏఎంపీ. హార్మోన్ మొదటి వార్తాహరి అయితే, కణం లోపల కబురు మోసే ఇది రెండో వార్తాహరి.

మధ్యలో ఏం జరుగుతుందో తర్వాత తేలింది. అడ్రినలిన్ పొర మీది బీటా గ్రాహకాన్ని పట్టుకుంటుంది. గ్రాహకం ఆకారం మారి, లోపలివైపున్న జి-ప్రొటీన్ తనకంటుకున్న జీడీపీ అణువును వదిలి జీటీపీ అణువును తీసుకుని చురుకవుతుంది. అది అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును కదిలిస్తే ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది. అక్కణ్ణుంచి ఎంజైములు ఒకదాన్నొకటి చురుకు చేస్తూ పోతాయి: ప్రొటీన్ కైనేజ్-ఏ, మరో కైనేజ్, చివరికి ఫాస్ఫోరిలేజ్. ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఇంకో ఎంజైము ఆ సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతూనే ఉంటుంది కాబట్టి హార్మోన్ తగ్గగానే సంకేతమూ ఆగుతుంది.

"అన్ని హార్మోన్లూ ఇంతేనా సార్?" అంది ఆ అమ్మాయి వెంటనే. కాదమ్మా, కార్టిసాల్ అనే హార్మోన్ కొవ్వులో కరుగుతుంది, పొర దాటి నేరుగా లోపలికే పోతుంది.