బాబాయి కళ్లు ముందు సముద్రం మీద పడ్డాయి

నెదర్లాండ్స్‌లో నీటి పరిశోధన ఉద్యోగం నాది. మొన్న సెలవుకి అమలాపురం దగ్గర మా ఊరొచ్చినప్పుడు లాప్‌టాప్‌తో పాటు ఒక పని కూడా వెంటొచ్చింది. కోనసీమ బావుల్లో ఉప్పదనం గురించి నేను రాసిన పేపరుని కాన్ఫరెన్సు పోస్టరుగా మార్చాలి. పేపర్లో ఆరు వేల మాటలు, పదకొండు బొమ్మలు ఉన్నాయి. పోస్టరు సైజు A0, అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 ఎత్తు. చూడ్డానికి బోలెడంత చోటనిపిస్తుంది. మొదటిసారి నేనూ అలాగే అనుకుని పేపరంతా నాలుగు వరసల్లో అతికించాను. రెండు గంటలు దాని పక్కనే నిలబడితే ఆగినవాళ్లు ముగ్గురు, అందులో ఒకాయన టీ ఎక్కడిస్తున్నారని అడగడానికి ఆగాడు.

ఈసారి ముందు శీర్షికే మార్చాను. పేపరుకి పెట్టిన పేరు విషయం ఏమిటో చెబుతుంది గానీ ఏం తేలిందో చెప్పదు. దాన్ని తీసేసి, "బావి ఉప్పబడేది సముద్రం దగ్గరైనందుకే కాదు, పోటు ఎక్కే డ్రెయిను దగ్గరైనందుకు కూడా" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో పైన పెద్దక్షరాలతో పెట్టాను. ఆ తర్వాత ఒక్కో బొమ్మనీ ఈ వాక్యానికి సాక్ష్యం చెబుతుందా అని అడుగుతూ పోతే రెండే నిలిచాయి: బావుల మ్యాపు, ఒక గ్రాఫు. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక డ్రెయిను పక్క బావుల్లో ఉప్పు ఎలా పెరుగుతుందో ఆ గ్రాఫులో కనబడుతుంది. మాటలు మూడొందల యాభైకి దిగాయి. సారాంశం మొత్తం తీసేశాను. పోస్టరే సారాంశమైనప్పుడు మళ్లీ అదెందుకు?

గ్రాఫుని పేపర్లోంచి కాపీ చేసి పెద్దది చేస్తే పనికిరాదు. పేపర్లో దాని వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన వెడల్పులో 945 చుక్కలు ఉంటాయి. దాన్నే డెబ్బై సెంటీమీటర్లకి సాగదీస్తే అంగుళానికి 34 చుక్కలే మిగిలి, అంకెలు అలికేసినట్టవుతాయి. అందుకే పోస్టరు మీద ఎంత ఉండాలో అంత కొలతకే పైథాన్‌తో మళ్లీ గీయించాను:

```
import matplotlib.pyplot as plt
plt.rcParams["font.size"] = 32
fig, ax = plt.subplots(figsize=(28, 14))
# ఇక్కడ గీతలు
fig.savefig("bavulu.pdf")
```

కొలత అంగుళాల్లో ఉంటుంది. PDF కాబట్టి గీతలూ అక్షరాలూ చెదరవు. పోస్టర్లో పెట్టాక దాని సైజు కదిలించకూడదు, కదిలిస్తే 32 పాయింట్ల అక్షరం 32గా ఉండదు. మూలన ఉన్న రంగుల పట్టీ కూడా తీసేసి, ఏ గీత పేరు ఆ గీత చివరే రాశాను. లేకపోతే చూసేవాళ్ల కళ్లు గీతకీ పట్టీకీ మధ్య తిరుగుతూనే ఉంటాయి.

ఇక పరీక్ష. A0ని A4 కాగితం మీద అచ్చేస్తే పొడవూ వెడల్పూ నాలుగో వంతుకి తగ్గుతాయి, 24 పాయింట్లు ఆరు అవుతాయి. చేతిలో పట్టుకుని అది చదవగలిగితే బోర్డు ముందు నిలబడి అసలుది చదవొచ్చు. కాగితం బాబాయికిచ్చి, "ముందు ఏం కనబడింది బాబాయ్?" అన్నాను.

కళ్లజోడు సవరించుకుని, "సముద్రంరా. ఎంత నీలం పోశావు! మన బావులేవీ?" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. మ్యాపులో సగం బంగాళాఖాతం, దానికి ముదురు నీలం వేశాను. ఉప్పు బావులేమో సన్నటి చుక్కలు. పైనుంచి కిందికి చదువుతారని నేను వరస కట్టాను గానీ, కన్ను వరసని కాదు, ముదురు రంగునీ పెద్ద ఆకారాన్నీ వెతుక్కుంటూ పోతుంది. సముద్రాన్ని లేత బూడిద రంగు చేసి, ఉప్పు బావులకి ముదురు నారింజ, మంచి బావులకి నీలం వేశాను. ఎరుపూ ఆకుపచ్చా కావాలనే వదిలేశాను. మగవాళ్లలో దాదాపు నూటికి ఎనిమిది మందికి ఆ రెండూ సరిగ్గా విడిపడవు. మ్యాపు పైకి, దాని కింద గ్రాఫు, అడుగున ఎడమ వైపు కొలిచిన పద్ధతి, కుడి వైపు మా లెక్కకున్న పరిమితులు. రెండో కాగితం చూసి బాబాయి వేలు నేరుగా డ్రెయిను మీద పెట్టాడు.

అసలు సైజులో ఒకసారి చూద్దామని అమలాపురంలో ఒక ఫ్లెక్సు షాపుకి వెళ్లాను.

"మూడు బై నాలుగు వేసేద్దామండి?" అన్నాడు కుర్రాడు.

"వేసెయ్యి బాబూ," అన్నాను. అక్కడే తప్పు చేశాను. A0 అంటే అంగుళాల్లో 33.1 బై 46.8. మూడడుగులూ నాలుగడుగులూ నిండాలని అతను రెండు వైపులా లాగేశాడు. అడ్డంగా ఎక్కువ సాగింది, నిలువుగా తక్కువ. మామూలుగా చూస్తే తేడా తెలియదు. పది సెంటీమీటర్లుండాల్సిన QR కోడుకి స్కేలు పెడితే వెడల్పు దాదాపు పదకొండొచ్చింది, ఎత్తు పది దాటి కొంచెమే. కోడు చదరంగా లేదంటే మ్యాపూ సాగిందన్నమాట, ఇక దాని కింద గీసిన కిలోమీటర్ల గీత ఉత్తర దక్షిణ దూరాలకి పనికిరాదు.

"పెళ్లి ఫ్లెక్సులకి ఇంత పట్టించుకోరండి, ఆయ్," అని నవ్వి, పక్కన తెల్ల అంచు వదిలి కొలత ప్రకారం రెండోది వేసిచ్చాడు. మొదటి దానికి డబ్బులు తీసుకోలేదు. అది ఇప్పుడు మా ఇంటి వెనక కొబ్బరి డొక్కల కుప్ప మీద, బోర్లా పరిచి ఉంది.