అరగంట పరుగు, మూడు ప్రయత్నాలు, ఒక అంకె

నాకు 41 ఏళ్లు. వారంలో నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు సైకిల్. ఏడాది పాటు వాచీలో ఉన్న హార్ట్ రేట్ జోన్లను, అంటే శ్రమను బట్టి గుండె వేగాన్ని విడగొట్టే మెట్లను, నమ్ముకుని తిరిగాను. ఆ జోన్లు 220 నుంచి వయసు తీసేసే సూత్రంతో వచ్చినవి. నా లెక్కన గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 179. అందులో 60 నుంచి 70 శాతం, అంటే 107 నుంచి 125 మధ్య పరిగెత్తితే తేలికపాటి పరుగు అని వాచీ చెప్పేది. 125 దాటకూడదంటే నేను నడవాల్సిందే. పైగా ఒక ఆదివారం ఎత్తు రోడ్డు మీద చివర్లో గట్టిగా పరిగెత్తితే 186 కనిపించింది. గరిష్ఠమే 179 అయితే 186 ఎలా వచ్చింది? వయసు సూత్రం ఎంతోమంది సగటు మీద కట్టింది. ఒక్క మనిషి విషయంలో పది పన్నెండు అంకెలు అటూ ఇటూ పోవడం మామూలే.

మా రన్నింగ్ గ్రూపులో ఒక తమ్ముడు ఉన్నాడు, చాలా ఏళ్లుగా ట్రయాథ్లాన్లు చేస్తున్నాడు. "అక్కా, గరిష్ఠం సంగతి వదిలేయండి. మీ థ్రెషోల్డ్ ఎంతో చూసుకోండి. అరగంట టెస్టు చాలు" అన్నాడు.

తేలికగా పరిగెత్తేటప్పుడు కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ను శరీరం ఎప్పటికప్పుడు వాడేసుకుంటుంది. వేగం పెంచుతూ పోతే ఒక దశలో తయారీ ఎక్కువై, వాడకం సరిపోక, రక్తంలో అది పేరుకోవడం మొదలవుతుంది. ఆ గీతే థ్రెషోల్డ్. అక్కడ గుండె వేగం ఎంతో తెలిస్తే దాన్ని బట్టి జోన్లు కట్టుకోవచ్చు. ల్యాబులో అయితే వేగం మెట్టు మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా వేలి నుంచో చెవి తమ్మె నుంచో రక్తపు చుక్క తీసి కొలుస్తారు. ఆ సదుపాయం లేనివాళ్ల కోసం అమెరికన్ కోచ్ జో ఫ్రీల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: ఒంటరిగా 30 నిమిషాలు, ఆ మొత్తం సమయం నిలబెట్టగలిగినంత గట్టిగా పరిగెత్తాలి. పది నిమిషాలు కాగానే ల్యాప్ బటన్ నొక్కాలి. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేటే మన థ్రెషోల్డ్ అంచనా.

మొదటి పది నిమిషాలు ఎందుకు వదిలేయాలంటే, కాళ్లు వేగం అందుకున్నంత త్వరగా గుండె అందుకోదు. అది మెల్లగా ఎక్కుతూ వస్తుంది. ఆ ఎక్కే భాగాన్ని కలిపితే సగటు తగ్గిపోతుంది. ఒంటరిగా ఎందుకంటే, పోటీలో పక్కన మనుషులుంటే మనం ఇంకాస్త లాగుతాం. ఒంటరిగా అరగంటలో పెట్టే శ్రమ పోటీలో గంట పాటు పెట్టే శ్రమకు దగ్గరగా ఉంటుందన్నది దీని వెనక ఆలోచన. అందుకే ఐదు కిలోమీటర్ల రేసులో వచ్చిన సగటును ఇక్కడ వాడకూడదు.

నలభై దాటాను కదా అని ముందు డాక్టర్‌ను కలిసి ఈసీజీ తీయించుకున్నాను. అంతా బాగుందన్నాక డిసెంబరులో, హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి 400 మీటర్ల ట్రాక్ మీద మొదటిసారి దిగాను. చేతికి ఉన్న వాచీ తప్ప వేరే ఏమీ లేదు. అరగంట పరిగెత్తాను, చివరి 20 నిమిషాల సగటు 174 వచ్చింది. పరుగుకు ఫ్రీల్ జోన్లలో రెండోది, అంటే తేలికగా ఎక్కువసేపు పరిగెత్తేది, థ్రెషోల్డ్‌లో 85 నుంచి 89 శాతం. 174 మీద అది 148 నుంచి 155. ఆ వారం 155 దగ్గర పరిగెత్తి చూస్తే, పక్కనున్నవాళ్లతో రెండు మాటలు మాట్లాడేసరికే ఆయాసం వచ్చింది. తేలికపాటి పరుగులో అలా రాకూడదు.

గ్రాఫ్ తమ్ముడికి పంపాను. "అక్కా, మీ కేడెన్స్ గీత కూడా దీని మీద వేసి పంపండి" అన్నాడు. కేడెన్స్ అంటే నిమిషానికి పడే అడుగుల లెక్క. నాది 173, 174 అలా ఉంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతికించినట్టు కూర్చున్నాయి! మణికట్టు వాచీ చర్మం మీద వెలుతురు వేసి రక్తపు కదలికను చూస్తుంది. చెయ్యి ఊగే లయ బలంగా ఉంటే కొన్నిసార్లు ఆ లయనే గుండె లయ అనుకుని పట్టుకుంటుంది. గ్రాఫ్‌లో ఇంకో రెండు ఆనవాళ్లు ఉన్నాయి. పరుగు మొదలైన నిమిషంన్నరకే 173కి ఎక్కేసి అక్కడే బల్లపరుపుగా ఉండిపోయింది. ఆగిన మరుక్షణం నిట్టనిలువుగా 148కి పడిపోయింది. అంత గట్టిగా పరిగెత్తిన గుండె పది సెకన్లలో అలా దిగదు, మెల్లగా దిగుతుంది. అంటే నేను కొలిచింది నా అడుగులను, గుండెను కాదు.

గుండె వేగాన్ని ఛాతీ దగ్గరే కొలిచే చెస్ట్ స్ట్రాప్ కొన్నాను. దాన్ని స్పోర్ట్స్ బ్రా అడుగు పట్టీకి సరిగ్గా కింద, పట్టీ దాని మీదకు ఎక్కకుండా బిగించాలి. చలికాలం పొద్దున ఒళ్లు పొడిగా ఉంటుంది కాబట్టి, లోపలి వైపు చర్మానికి తగిలే భాగాలను నీళ్లతో తడపాలి. తడపకపోతే మొదటి నిమిషాల్లో చొక్కా రాపిడికి 200 పైన అర్థంలేని అంకెలు కనిపిస్తాయి. చెమట పట్టాక సర్దుకుంటుంది.

పది రోజుల తర్వాత రెండో టెస్టు. ఈసారి పరికరం సరిగ్గానే ఉంది, నేనే తప్పు చేశాను. మొదటి రౌండ్ రెండు నిమిషాల లోపే కొట్టేశాను. ఎనిమిదో నిమిషం దాకా హాయిగా అనిపించింది. పన్నెండో నిమిషంలో కాళ్లు బరువెక్కాయి. ఆ తర్వాత రౌండుకు 2:20, 2:25. ఐదేసి నిమిషాల సగటు చూస్తే పది నుంచి పదిహేను మధ్య 173, ఆ తర్వాత 169, 165, 162. ఈ నాలుగింటి సగటు 167.

ఈ అంకె వాడుకోవచ్చా అని చాలాసేపు ఆలోచించాను. వాడుకోకూడదనే తేల్చుకున్నాను. మొదట్లో గీతకు బాగా పైన పరిగెత్తి, ఆ దెబ్బకు తర్వాత గీతకు కింద ఈడ్చుకుంటూ వచ్చాను. రెండింటి సగటు మధ్యలో ఎక్కడో పడుతుంది. అది గీత మీదే పడిందని చెప్పడానికి ఆధారం లేదు. టెస్టు బాగా జరిగిందో లేదో సగటులో కనిపించదు, రౌండ్ల టైములో కనిపిస్తుంది. టైములు దగ్గరదగ్గరగా ఉండి, హార్ట్ రేట్ మాత్రం చివరి దాకా కొద్దికొద్దిగా పైకి పాకుతుంటే అది మంచి టెస్టు. రెండూ కలిసి దిగిపోతుంటే పక్కన పెట్టేయాలి.

మూడో టెస్టు జనవరి మూడో వారంలో. ముందు రెండు రోజులు గట్టి వ్యాయామం చేయలేదు. పొద్దున కాఫీ మానేశాను. వాచీలో కిలోమీటరుకోసారి దానంతటదే పడే ఆటో ల్యాప్‌ను ఆపేశాను. లేకపోతే నేను పదో నిమిషంలో నొక్కే ల్యాప్ వాటి మధ్య ముక్కలైపోతుంది. పావుగంట మెల్లగా పరిగెత్తి, మధ్యలో నాలుగుసార్లు ఇరవై సెకన్ల పాటు వేగంగా వెళ్లి ఒళ్లు వేడెక్కించాను.

మొదటి మూడు రౌండ్లు 2:14 కంటే వేగంగా వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాను. మొదట్లో అది బద్ధకంగా అనిపించింది, అయినా నియమం తప్పలేదు. తర్వాత 2:11, 2:10 దగ్గర కుదురుకున్నాను. ఇరవయ్యో నిమిషంలో మానేద్దామనిపించింది. శ్వాస తప్ప వేరే ఆలోచన లేదు. చివరి రౌండ్ 2:05. మొత్తం ఐదున్నర కిలోమీటర్లు.

మొదటి ఐదు నిమిషాల సగటు 154, తర్వాతి ఐదు 164. ఆ పైన వరుసగా 167, 168, 170, 172. చివరి నాలుగింటి సగటు 169. మొత్తం అరగంట తీసుకుని ఉంటే 166 వచ్చేది. రెండో టెస్టు 167కు ఇది దగ్గరగానే ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కానీ అది అలా కలిసొచ్చింది. మూడో టెస్టు లేకపోతే దగ్గరగా ఉందన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు.

గ్రూపులో ఇంకొకరు ఈ అంకెలో 5 శాతం తగ్గించాలన్నారు. ఇది చాలామందిలో చూసిన పొరపాటు. 95 శాతం లెక్క సైక్లిస్టులు పవర్ మీటర్‌తో చేసే 20 నిమిషాల టెస్టుది, అక్కడ తగ్గించేది వాట్లను. ఈ టెస్టులో వచ్చిన హార్ట్ రేట్‌ను అలాగే తీసుకోవాలి. తగ్గించి ఉంటే నాది 161 అయ్యేది, జోన్లన్నీ కిందికి జారేవి.

169 మీద నా రెండో జోన్ 144 నుంచి 150. 155 దగ్గర ఆయాసం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. అది 92 శాతం, మూడో జోన్ మధ్య. ఇప్పుడు 147 దగ్గర పరిగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నాను.

ఇదే అంకెను సైకిల్‌కు కూడా పెట్టేసుకుందామనుకున్నాను. తమ్ముడు వద్దన్నాడు. మూడు వారాల తర్వాత, వారం మధ్యలో, తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద టెస్టు చేశాను. ఎదురుగా వాహనాలు రావు, సిగ్నళ్లు లేవు. మధ్యలో ఆగాల్సి వస్తే గుండె వేగం పడిపోయి టెస్టు పోతుంది కాబట్టి చోటు ఎంచుకోవడం పరుగు కంటే సైకిల్‌కే ముఖ్యం. చివరి 20 నిమిషాల్లో 159, 160, 161, 164. సగటు 161.

పరుగు కంటే ఎనిమిది తక్కువ. సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, పనిచేసే కండరాలు తక్కువ. గుండె పూర్తిగా అలసేలోపే తొడలు అలసిపోతాయి. సైకిల్‌కు జోన్ శాతాలు కూడా వేరు. రెండోది 81 నుంచి 89 శాతం, నాకు 130 నుంచి 143. పరుగు అంకె పెట్టుకుని ఉంటే 150 దగ్గర తొక్కుతూ అది తేలిక అనుకునేదాన్ని.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అదే ట్రాక్ మీద పరుగు టెస్టు మళ్లీ చేశాను. ఎండ తగ్గినా నేల వేడి తగ్గలేదు. సగటు 172 వచ్చింది. రౌండ్లు చూస్తే 2:16, 2:17. మొత్తం ఐదు కిలోమీటర్ల 300 మీటర్లు కూడా పూర్తికాలేదు. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు కూడా వెళ్లాలి కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ రోజు థ్రెషోల్డ్ పెరగలేదు, వాతావరణం అంకెను పెంచింది. వాచీలో 169నే ఉంచాను. అదే ట్రాక్ మీద, కాఫీ లేకుండా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు జూలైలో మళ్లీ చూస్తాను.