ఐదు నిమిషాలకోసారి నడిచే జాబు, ఖాళీ రన్‌ల లెక్క: నా అనుభవం

చెల్లింపుల లెక్కలు సరిచూసే మా విభాగానికి కావలసిన సెటిల్‌మెంట్ ఫైళ్లను భాగస్వామ్య సంస్థలు ఒక ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్‌లోని ఫోల్డర్‌లో వేస్తాయి. వాటిని తెచ్చి డేటాబేస్‌లోకి ఎక్కించే క్రాన్ జాబు నేను ఆ పనిలో చేరేనాటికే ఐదు నిమిషాలకోసారి నడుస్తూ ఉండేది. అంటే రోజుకు 288 రన్‌లు. ఎందుకు ఐదు నిమిషాలే అని అడిగితే చెప్పగలిగినవారు ఎవరూ మిగలలేదు. సర్వర్ నిర్వహించేవారు లాగిన్‌ల సంఖ్య తగ్గించమని కోరడంతో, ఈ షెడ్యూల్ నిజంగా అంత తరచుగా ఉండాలా అన్నది తేల్చే పని నా మీద పడింది.

ఫైలేదీ దొరకకుండా ముగిసిన రన్‌లు మొత్తంలో ఎంత శాతమో చూస్తే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కానీ ఆ స్క్రిప్ట్‌కు ఖాళీ ఫోల్డర్‌కూ, విఫలమైన లాగిన్‌కూ తేడా తెలియదు. కనెక్షన్ కుదరకపోయినా ఫైళ్ల జాబితా ఖాళీగానే వచ్చేది, స్క్రిప్ట్ సున్నా ఎగ్జిట్ కోడ్‌తో ప్రశాంతంగా ముగిసేది. అలాంటి లాగ్ నుంచి తీసిన శాతం మీద ఏ నిర్ణయమూ నిలబడదు. అందుకని ముందు ప్రతి రన్‌కూ ఒక వరుస రాసే చిన్న టేబుల్ పెట్టి, ఫలితాన్ని నాలుగు రకాలుగా విడదీశాను: పని జరిగింది, జాబితా సరిగ్గా అందింది కానీ ఫైలు లేదు, విఫలమైంది, ముందు రన్ ఇంకా ముగియనందువల్ల మొదలవకుండానే ఆగిపోయింది. ఫైలు కనబడినా ఇంకా అప్‌లోడ్ అవుతూ ఉన్నందున వదిలేసిన రన్‌ను కూడా పని జరిగినదానిగానే రాశాను, ఎందుకంటే ఆ సమయానికి తేవలసినది ఒకటి వచ్చి ఉంది. శాతం లెక్కలోకి మొదటి రెండు రకాలు మాత్రమే వస్తాయి.

```sql
SELECT date_trunc('week', started_at AT TIME ZONE 'Asia/Kolkata') AS wk,
       100.0 * count(*) FILTER (WHERE outcome = 'empty')
         / count(*) FILTER (WHERE outcome IN ('empty', 'work')) AS empty_pct
FROM job_runs
GROUP BY 1 ORDER BY 1;
```

ఇందులో టైమ్ జోన్ మార్చడం అలంకారం కాదు. మా సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఇదే లెక్కను వారానికి బదులు గంటలవారీగా చూసేటప్పుడు యూటీసీ గంటల ప్రకారం గుంపులు కడితే, ఉదయం పది గంటలకు మొదలయ్యే ఫైళ్ల రద్దీ రెండు గుంపుల మధ్య చీలిపోయి, ఏ గంటా రద్దీగా కనబడదు.

నెలాఖరు కూడా కలిసేలా కొన్ని వారాల లెక్క చేరాక చూస్తే, మామూలు పనిదినాన 288 రన్‌లలో సుమారు 14 మాత్రమే ఏదైనా తెస్తున్నాయి. ఖాళీ వాటా 95 శాతం. ఆదివారాల్లోనూ, బ్యాంకులకు సెలవైన రెండో, నాలుగో శనివారాల్లోనూ అది ఇంకా పైకి పోయేది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ రోజులో అన్ని గంటలూ నడుస్తున్నా, మాకు ఫైళ్లు పంపేవారి అలవాట్లు మాత్రం ఆఫీసు వేళలనే అంటిపెట్టుకుని ఉన్నాయి. కాబట్టి సోమవారాన్ని సోమవారంతోనే పోల్చాలి, లేకపోతే వారాంతపు మార్పును షెడ్యూల్ దోషమని పొరబడతాము.

95 శాతం అన్న అంకె పెద్దదే, అయినా అది ఒంటరిగా ఏమీ తేల్చదు. ఒక ఫైలు ఐదు నిమిషాలకు మించి ఎదురుచూస్తే నష్టమయ్యే చోట 99 శాతం ఖాళీ కూడా సమంజసమే. అందువల్ల విరామం పెంచితే ఖాళీ వాటా ఎంత తగ్గుతుంది, దానికి బదులుగా ఫైళ్లు ఎంతసేపు ఆగుతాయి అన్న రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

మొదటి లెక్కకు ఒక సులువైన ఊహ ఉంది. ఫైళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, రోజంతా ఒకే జోరుతో వస్తాయనుకుంటే, విరామం మూడింతలయినప్పుడు ఖాళీ వాటా దాని ఘనానికి దిగుతుంది: 0.95 × 0.95 × 0.95, అంటే దాదాపు 86 శాతం. అయితే ఊహ అవసరమే లేదు. ఐదు నిమిషాల లాగ్ చేతిలో ఉంటే, వరుసగా వచ్చే మూడు రన్‌లను ఒక గుంపుగా కట్టి, మూడూ ఖాళీ అయితేనే ఆ గుంపును ఖాళీగా లెక్కిస్తే, పదిహేను నిమిషాల షెడ్యూల్ నడిచి ఉంటే ఏమయ్యేదో ఉన్నదున్నట్టుగా తెలుస్తుంది. అలా కడితే రోజుకు 96 గుంపుల్లో దాదాపు 10 మాత్రమే పని ఉన్నవి, అంటే 90 శాతం ఖాళీ. ఊహించిన దానికంటే ఎక్కువగా ఉండడానికి కారణం ఫైళ్లు గుంపులుగా రావడమే: ఒక సంస్థ వేయడం మొదలుపెడితే పది నిమిషాల్లో మూడు నాలుగు వేసేస్తుంది. ఈ పద్ధతి ఒక దిశలోనే పనిచేస్తుంది. ఐదు నిమిషాల లాగ్ నుంచి రెండు నిమిషాల షెడ్యూల్ గురించి ఏమీ చెప్పలేము, కాబట్టి లెక్క తీసే కాలంలో షెడ్యూల్‌ను తరచుగానే ఉంచడం మేలు.

రెండో లెక్కలో సగటు నిరీక్షణ విరామంలో సగం, గరిష్ఠం పూర్తి విరామం. పదిహేను నిమిషాలకు అవి ఏడున్నర, పదిహేను. లెక్కల విభాగంవారిని అడిగితే, పగటిపూట అరగంటలోపు ఏదైనా పరవాలేదనీ, రాత్రి పది తర్వాత వచ్చినది ఉదయం ఎనిమిది దాకా ఎవరూ తెరవరనీ చెప్పారు. ఆ జవాబుతో నిర్ణయం తేలికైంది. మా యంత్రంలో ఉన్నది క్రోనీ అనే రకం క్రాన్ కాబట్టి టైమ్ జోన్‌ను క్రాన్‌ట్యాబ్‌లోనే చెప్పవచ్చు.

```
CRON_TZ=Asia/Kolkata
*/15 8-21 * * *     /opt/recon/fetch.sh
0 22,23,0-7 * * *   /opt/recon/fetch.sh
```

288 రన్‌లు 66 అయ్యాయి. రాత్రిపూట పూర్తిగా ఆపేయమన్న సలహా కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే గంటకోసారి సర్వర్ తలుపు తట్టే ఆ రన్‌ల వల్ల కనెక్షన్ చెడిన సంగతి ఉదయానికి ముందే తెలుస్తుంది. ఖాళీ రన్ అంటే వృథా రన్ అనుకోవడం నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు.

మార్చిన తర్వాత పాత శాతంతో కొత్త శాతాన్ని పోల్చకూడదు, విరామం మారింది కనుక అవి రెండూ ఒకే కొలమానం కావు. దాని బదులు ఫైలు సర్వర్‌లో పడిన సమయం నుంచి మేము తెచ్చుకున్న సమయం దాకా గడిచిన నిమిషాలను రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని సంస్థల ప్రోగ్రాములు ఫైలు అసలు తయారైన సమయాన్ని అలాగే నిలిపి పంపుతాయి, దాంతో ఫైలు గంటల తరబడి ఆగినట్టు కనబడుతుంది. అలాంటి పంపకందారులను ఈ లెక్క నుంచి తప్పించవలసి వచ్చింది.

వారం వారం శాతాన్ని ఇప్పటికీ చూస్తున్నాను, అయితే దాని ఆకారాన్ని చూస్తున్నాను. ఎప్పుడూ ఎత్తుగా, నిలకడగా ఉండే వాటా షెడ్యూల్ గురించి చెబుతుంది. ఒక్క రోజులో మెట్టులా ఎగబాకిన వాటా మాత్రం అవతలి వైపు ఏదో చెడిందని చెబుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వాటా ఒకసారి హఠాత్తుగా వందకు చేరినప్పుడు, విరామం ఇంకా పెంచవచ్చని కొందరు అన్నారు. వెతికితే ఒక భాగస్వామ్య సంస్థ తన ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో వేయడం మొదలుపెట్టిందని తేలింది.

ఈ మధ్య పగటి విరామాన్ని అరగంట చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. మళ్లీ గుంపులు కట్టి చూస్తే, రోజుకు మరో 28 లాగిన్‌లు తగ్గుతాయి, గరిష్ఠ నిరీక్షణ మాత్రం లెక్కల విభాగం చెప్పిన అరగంట హద్దుకు సరిగ్గా తగులుతుంది. ఒక్క రన్ విఫలమైనా ఆ హద్దు దాటుతుంది. పదిహేను నిమిషాలే ఉంచాము.