వ్యాట్ గొలుసులో మధ్యవాడికి మినహాయింపు ఇస్తే పన్ను ఎందుకు పెరుగుతుంది?

మిత్రులారా, పరోక్ష పన్నుల్లో నేను ఎక్కువ సమయం పెట్టింది వ్యాట్ మీదే. నిర్వచనం ఒక్క వాక్యమే: ప్రతి అమ్మకందారూ తన చేతిలో సరుకుకు పెరిగిన విలువ మీద మాత్రమే ప్రభుత్వానికి పన్ను జమ చేసే పద్ధతి అది. దాన్ని బట్టీ పడితే తిప్పి అడిగిన ప్రశ్నకు పనికిరాదు. అందుకే ఒకే గొలుసును తీసుకుని, ప్రతిసారీ ఒక్క షరతు మార్చి లెక్క వేశాను.

పన్ను రేటు 10 శాతం. నూలు తయారీదారు ఏమీ కొనకుండా 100 విలువ సృష్టించాడనుకోండి. 100కు అమ్మి, కొన్నవాడి దగ్గర 10 పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు. నేతదారు వస్త్రాన్ని 160కి అమ్మి 16 వసూలు చేస్తాడు. నూలు కొన్నప్పుడు చెల్లించిన 10 తగ్గించుకుని 6 కడతాడు. ఈ తగ్గింపే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. చొక్కాల తయారీదారు 300కు అమ్మి 30లో 16 పోను 14 కడతాడు. చిల్లర వర్తకుడు 400కు అమ్మి 40లో 30 పోను 10 కడతాడు. 10, 6, 14, 10 కలిపితే 40. తుది ధరలో సరిగ్గా 10 శాతం! కట్టింది నలుగురు, మోసింది మాత్రం 440 ఇచ్చి చొక్కా కొన్న వినియోగదారుడు.

ఇప్పుడు నేతదారుకు మినహాయింపు ఇవ్వండి. పన్ను తగ్గుతుందని అనిపిస్తుంది. పరీక్షలో వల వేసేదీ ఇక్కడే. అతను పన్ను వసూలు చేయడు, కాబట్టి క్రెడిట్ కూడా రాదు. నూలు మీద కట్టిన 10 ఖర్చులో కలిసి వస్త్రం ధర 170 అవుతుంది. చొక్కాల తయారీదారు తన 140 కలిపి 310కి అమ్ముతాడు. తగ్గించుకోవడానికి ఏమీ లేదు కనుక 31 మొత్తం కడతాడు. వర్తకుడు 100 కలిపి 410కి అమ్మి, 41లో 31 పోను 10 కడతాడు. ప్రభుత్వానికి చేరింది 51, వినియోగదారుడు ఇచ్చింది 451. పెరిగిన 11లో 10 ఇరుక్కుపోయిన పన్ను, 1 ఆ పన్ను మీద పడిన పన్ను. 1954లో ఫ్రాన్స్ వ్యాట్‌ను తెచ్చింది సరిగ్గా ఇలాంటి పేరుకుపోయే పన్నును వదిలించుకోవడానికే. దాని రూపశిల్పి మోరిస్ లోరే పేరు ఒక మార్కు ప్రశ్నకు పనికొస్తుంది.

మినహాయింపు చివరి వర్తకుడికి ఇస్తే కథ వేరు. అతనికి 30 క్రెడిట్ పోతుంది, ధర 430 అవుతుంది. తగ్గేది 10 మాత్రమే, అంటే అతని వాటా మేరకే.

సున్నా రేటును దీనితో కలపకండి. ఎగుమతిదారు 400 మీద పన్ను వసూలు చేయడు, అయినా ముందు చెల్లించిన 30 వాపసు తీసుకుంటాడు. సరుకు పన్ను భారమేదీ లేకుండా సరిహద్దు దాటుతుంది. పన్ను వేసే వంతు దాన్ని వాడే దేశానిది.