మెడ పట్టేసిన శనివారం

రాత్రంతా హైదరాబాద్ బస్సులో కూర్చుని వచ్చిన తమ్ముడు మంచం దాకా కూడా వెళ్లలేదు, హాల్లో సోఫా మీదే తల దాని చేతి మీద పెట్టేసి పడిపోయాడు. పదకొండు దాటాక లేచి "అక్కా, మెడ తిరగట్లేదు, ఏదో నరం పట్టేసింది" అని ఒకటే గోల. వెళ్లి చూస్తే తల ఓ పక్కకి ఒరిగి ఉంది, కుడి వైపు నిల్చున్న నన్ను చూడాలంటే నడుము దగ్గర్నుంచి మొత్తం తిరుగుతున్నాడు పాపం.

అమ్మ అప్పటికే బామ్ డబ్బా తెచ్చేసింది. ఉండమ్మా అని ముందు కొన్ని అడిగాను. నేను ఫిజియోథెరపీ చేసేదాన్ని కాబట్టి క్లినిక్‌లో కూడా మెడ ముట్టుకునే ముందు ఇవే అడుగుతా. బస్సులో సడన్ బ్రేక్ పడి తల ఎక్కడైనా కొట్టుకుందా, జ్వరం ఉందా, తలనొప్పి, వాంతులు ఉన్నాయా, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా, చేతుల్లో తిమ్మిరి గానీ పట్టు తప్పినట్టు గానీ ఉందా. అన్నింటికీ లేదనే చెప్పాడు. నా రెండు వేళ్లు వాడి రెండు చేతులకీ ఇచ్చి గట్టిగా పిండమన్నాను, రెండు వైపులా ఒకేలా పిండాడు. గడ్డం మెల్లగా గుండెకి ఆనించమంటే వెనకాల కాస్త లాగింది కానీ ఆనింది. కుడి వైపు తిప్పడమే కష్టం, అది కూడా సగం దాకా వెళ్లి టక్కున ఆగిపోతోంది. వేలితో వెతికితే రెక్క ఎముక పైమూల దగ్గర, కుడి పక్క, ముట్టుకోనివ్వని చోటొకటి దొరికింది.

అక్కడ దొరకడం మామూలే. మెడ పైభాగంలో ఉన్న మొదటి నాలుగు పూసల నుంచి రెక్క ఎముక పైమూల దాకా ఒక కండరం దిగుతుంది, దాన్ని లెవేటర్ స్కాపులే అంటారు. తల గంటల తరబడి ఒకే పక్కకి వాలిపోతే ఈ కండరమూ, మెడ పూసల వెనకుండే చిన్న చిన్న కీళ్లూ విసిగిపోతాయి, లేచి తిప్పబోయేసరికి కండరం బిగుసుకుని కదలనివ్వదు. బస్సులో కిటికీకి వాలిన తల, తర్వాత సోఫా చేతి ఎత్తు, రెండూ కలిసి వచ్చాయి వీడికి. ఇది ఎక్కువ మందికి రెండు మూడు రోజుల్లో బాగా తగ్గుతుంది, పూర్తిగా పోవడానికి వారం పట్టొచ్చు.

ఈలోపు పక్కింటి బాబాయిగారు వచ్చి సెలూన్‌కి తీసుకెళ్లండి, ఒక్క విరుపు విరిస్తే పోద్ది అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు, కానీ ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల్లో ఉన్న రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి, మెడని ఒక్కసారిగా మెలితిప్పితే అరుదుగానైనా వాటి లోపలి పొర చిరుగుతుంది, అక్కడ రక్తం గడ్డ కట్టి మెదడుకి పాకితే పక్షవాతమే. రెండు మూడు రోజుల్లో తగ్గేదానికి అంత రిస్కు ఎందుకండీ అని ఆయనకి కూడా ఇదే చెప్పాను.

తమ్ముణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, తల కింద పల్చటి దిండు పెట్టాను. కూర్చుని తిప్పితే తల బరువు మోయడానికే కండరం బిగుస్తుంది, పడుకుంటే ఆ బరువు దిండు మోస్తుంది కాబట్టి కదలిక తేలిగ్గా వస్తుంది. ముక్కుని మెల్లగా ఎడమకి, మళ్లీ కుడికి, నొప్పి మొదలయ్యే ముందే ఆగిపోవాలి, అలా ఐదారు సార్లు, తర్వాత భుజాలు పైకెత్తి వెనక్కి తిప్పడం. గంటకో రెండు గంటలకో ఒకసారి ఇదే. మెడ కదపకుండా కట్టేసినట్టు కూర్చుంటే ఇంకా బిగుస్తుంది, అందుకే మెడికల్ షాపులో కాలర్ కొనుక్కొస్తానంటే వద్దన్నాను.

కాపడం పని అమ్మకి అప్పజెప్పాను. రాళ్లుప్పు మూకుడులో వేయించి పాత నూలు గుడ్డలో మూట కట్టింది, ముందు తన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, మధ్యలో తువ్వాలు మడత వేసి భుజం పైన పెట్టింది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలు. బామ్ రాసిన చోట మాత్రం కాపడం పెట్టొద్దని గట్టిగా చెప్పాను, చర్మం కాలుతుంది, పైగా బామ్ మంటలో వేడి ఎంతుందో తెలియదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సాయంత్రానికి కుడి వైపు ఇంకొంచెం తిరిగింది, అప్పుడు మిగతావి మొదలుపెట్టాం. తలని కుడికి వెళ్లినంత వరకే తిప్పి, కుడి చెయ్యి... కాదు, ఎడమ అరచెయ్యి ఎడమ చెంపకి ఆనించి, తల ఎడమకి తిరగబోతున్నట్టు మెత్తగా నొక్కాలి, చెయ్యి కదలనివ్వకూడదు, ఐదు సెకన్లు ఉంచి వదిలేసి ఊపిరి వదులుతూ ఇంకాస్త కుడికి. ఇలా నాలుగు సార్లకే నా మొహం కనిపించేంత తిరిగింది వాడికి. తర్వాత కూర్చుని ముక్కుని ఎడమ చంక వైపు వంచి, ఎడమ చెయ్యి తల వెనక ఊరికే బరువుగా పెట్టి ఇరవై సెకన్లు, మూడు సార్లు. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉంటే ఆపేయాలి. చెయ్యి జివ్వుమంటే కూడా అంతే.

స్నేహితుల దగ్గరికి బండి మీద వెళ్తానన్నాడు, కుదరదన్నాను. వెనక వచ్చే లారీని తిరిగి చూడలేని మెడతో బండి నడపడం నాకు అస్సలు ఇష్టం లేదు.

రాత్రి దిండు సంగతి. అమ్మ మెడ పట్టేస్తే దిండు ఎండలో వెయ్యాలంటుంది, మధ్యాహ్నం వేసేసింది కూడా, కానీ ఎండ కన్నా ఎత్తు ముఖ్యం. పక్కకి తిరిగి పడుకుంటే భుజం అంచుకీ చెవికీ మధ్య ఖాళీ ఎంతుందో దిండు అంతే ఉండాలి, ముక్కు రొమ్ము ఎముకకి సూటిగా రావాలి. వాడి పాత బూరుగుదూది దిండు మధ్యలో అణిగి అంచులు ఉండకట్టి ఉంది, తల గుంటలోకి దిగుతోంది, రెండు దిండ్లేస్తే మరీ ఎత్తు. గలేబులో దిండు కింది అంచున చేతి తువ్వాలు చుట్ట చేసి దూర్చాను, మెడ వంపు దాని మీద ఆనింది. బోర్లా మాత్రం పడుకోవద్దన్నాను, రాత్రంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

అమ్మకి ఇంకా భయంగానే ఉంది, వాళ్ల ఊళ్లో ఒకాయనకి మెడనొప్పి అనుకుంటే మెదడువాపు అని తేలిందట. అందుకే దేనికి పరిగెత్తాలో కూర్చోబెట్టి చెప్పాను. జ్వరం, విపరీతమైన తలనొప్పి, గడ్డం కిందకి వంగకపోవడం, మత్తుగా ఉండటం కలిస్తే రాత్రయినా సరే హాస్పిటలే. ఎప్పుడూ లేని నొప్పి మెడలో హఠాత్తుగా వచ్చి కళ్లు తిరగడం, రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం ఉన్నా, మెడతో పాటు ఛాతీ పట్టేసి చెమటలు పోసినా 108కి ఫోన్ చెయ్యాలి. దెబ్బ తగిలాక వచ్చిన మెడనొప్పి అయితే మనిషిని కదపకుండా ఫోన్ చెయ్యాలి. చేతిలో బలం తగ్గుతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే డాక్టరు చూడాలి. ఇవేవీ లేకుండా ఊరికే వారం దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి.

రేపు రాత్రి బస్సు టికెట్ క్యాన్సిల్ చేయించేశాను. సోమవారం పగటి రైల్లో వెళ్తాడు, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయొచ్చు.